మెడ ముందు వాపు, నొప్పి చెవిలోకి, దవడలోకి పాకుతోంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్నా తగ్గలేదు

గ్రీమ్స్‌పేట సుధ | ఆగస్టు 4, రాత్రి 11.40

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, వయసు 42. నిద్ర పట్టక ఈ వేళప్పుడు రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి.

జులై మొదటి వారంలో ఇంటిల్లిపాదికీ వైరల్ జ్వరం వచ్చింది. ఐదు రోజులు జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు. తర్వాత బాగైపోయాను, స్కూలుకు కూడా వెళ్లాను. జులై 22న ఉదయం పళ్లు తోముకుంటుంటే కుడి దవడ కింద సలుపు మొదలైంది. రెండో రోజుకు కుడి చెవిలోకి పాకింది. పన్ను అనుకుని పంటి డాక్టరు దగ్గరకు వెళ్తే ఎక్స్‌రే తీసి పళ్లలో ఏమీ లేదన్నారు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు చెవిలో లైటు వేసి చూసి చెవి శుభ్రంగా ఉందని, గొంతు ఇన్ఫెక్షనేమోనని ఐదు రోజులకు యాంటీబయాటిక్ ఇచ్చారు. కోర్సు మొత్తం వాడాను, నొప్పి ఇసుమంత తగ్గలేదు. ఈలోపు మెడ ముందు భాగంలో, గొంతు ముడికి కింద కుడివైపు ఉబ్బింది. నల్లపూసలు తగిలినా ప్రాణం పోతోంది, తీసి పక్కన పెట్టాను. గుటక వేసినా, తల తిప్పినా నొప్పి నేరుగా చెవిలోకి కొడుతోంది.

దీనికి తోడు గుండె దడ, చేతుల వణుకు. నెలలో 3 కిలోలు తగ్గాను. మూడో డాక్టరు థైరాయిడ్ పరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది, ఫ్రీ టీ4 2.9. థైరాయిడ్ ఎక్కువైందని ఆగస్టు 1 నుంచి కార్బిమజోల్ 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోమన్నారు. నాలుగు రోజులైంది, నొప్పి అలాగే ఉంది. థైరాయిడ్ ఎక్కువైతే ఇంత నొప్పి ఉంటుందా? మా వాళ్లెవరికీ ఇలా లేదు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది.

కొర్లగుంట మురళి | ఆగస్టు 5, ఉదయం 6.15

అక్కా, టెన్షన్ పడకండి. మా ఆవిడకు మూడేళ్ల కిందట ఇదే. టీఎస్‌హెచ్ 0.01, దడ, చెమటలు, బరువు తగ్గడం, అన్నీ మీరు చెప్పినట్టే. కార్బిమజోల్ పని చేయడానికి నెల పడుతుంది, నాలుగు రోజులకే తగ్గలేదని వదిలేయకండి. ఏడాదిన్నర వాడి ఇప్పుడు బాగుంది. ఓపిక పట్టండి.

పుత్తూరు వెంకట | ఆగస్టు 5, ఉదయం 7.02

తల తిప్పితే నొప్పి అంటున్నారు కాబట్టి ఇది మెడ పట్టేయడమేమో కూడా చూసుకోండమ్మా. దవడ కీలు జారినా చెవి దాకా లాగుతుంది. మా ఊళ్లో కట్టు కట్టేవాళ్లు ఒకసారి చూస్తే ఎముక సంగతి తేల్చేస్తారు. అంతవరకు ఆముదం గోరువెచ్చగా చేసి మెడకు గట్టిగా మర్దన చేయించుకోండి.

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | ఆగస్టు 5, ఉదయం 9.30

సుధ గారూ, ముందు ఒక మాట. ఆ వాపు మీద మర్దన చేయవద్దు, నొక్కవద్దు, కాపడం పెట్టవద్దు. వెంకట గారు మంచి మనసుతోనే చెప్పారు, కానీ నొప్పి ఉన్నది ఎముకలో కాదు, థైరాయిడ్ గ్రంథిలో. దవడ కీలు జారితే నోరు తెరిచినప్పుడు నొప్పి రావాలి. మీకు నల్లపూసలు తగిలితే వస్తోంది.

నేను జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మిమ్మల్ని చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను. అయితే మీరు రాసిన వరుస చూస్తే సబ్‌ఎక్యూట్ థైరాయిడైటిస్ అని బలంగా అనిపిస్తోంది. వైరల్ జ్వరం తగ్గిన రెండు నుంచి ఎనిమిది వారాల్లోపు థైరాయిడ్ వాచి నొప్పి పెట్టడం దీని తీరు. 40 దాటిన ఆడవాళ్లలో ఎక్కువ చూస్తాం. 1904లో దీన్ని వివరించిన స్విస్ సర్జన్ పేరు మీద డి క్వర్వేన్ థైరాయిడైటిస్ అని కూడా అంటారు. పన్ను, చెవి, గొంతు అంటూ ముగ్గురు నలుగురు డాక్టర్లను తిరిగాక బయటపడడం ఈ జబ్బులో మామూలే. వేగస్ అనే నరం కొమ్మలు మెడలోకీ వెళ్తాయి, చెవిలోకీ వెళ్తాయి. థైరాయిడ్ వాస్తే మెదడుకు అది చెవిపోటులా తెలుస్తుంది. అందుకే చెవిలో లైటు వేసి చూస్తే ఏమీ కనిపించలేదు.

ఇక కార్బిమజోల్ సంగతి. మురళి గారి శ్రీమతిది బహుశా గ్రేవ్స్ జబ్బు. అందులో గ్రంథి హార్మోన్‌ను అవసరానికి మించి కొత్తగా తయారు చేస్తుంది, కార్బిమజోల్ ఆ తయారీని ఆపుతుంది. మీది నేననుకున్నదే అయితే తయారీ ఎక్కువ కాలేదు. గ్రంథిలో రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్ నిల్వ ఉంటుంది. వాపు వల్ల ఆ నిల్వ గదులు చిట్లి ఉన్నదంతా ఒక్కసారిగా రక్తంలోకి కారిపోతోంది. ఓవర్‌హెడ్ ట్యాంకు పగిలి నీళ్లు కారుతుంటే మోటారు ఆపితే ఏం లాభం? పైగా గ్రంథిని పని చేయమని చెప్పే సంకేతమే టీఎస్‌హెచ్, అది 0.02కు పడిపోయింది కాబట్టి మీ ఒంట్లో మోటారు ముందే ఆగింది. కాబట్టి ఈ జబ్బులో కార్బిమజోల్ దడనూ తగ్గించదు, నొప్పినీ తగ్గించదు.

ఒక జాగ్రత్త మాత్రం ఈ రోజే తీసుకోండి. కార్బిమజోల్ వల్ల అరుదుగా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు కనిపించేవి గొంతు నొప్పి, జ్వరం. మీకు గొంతు నొప్పి ఎలాగూ ఉంది కాబట్టి తేడా తెలియదు. రక్తకణాల లెక్కకు సీబీసీ, ఒంట్లో వాపు ఎంతుందో తెలియడానికి ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఈ రోజే చేయించి, మాత్ర రాసిన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడండి. వారం లోపు హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టును కలవండి. మీకు తిరుపతి దగ్గరే, అక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. వెల్లూరు అలవాటైతే అక్కడికైనా వెళ్లండి.

కొర్లగుంట మురళి | ఆగస్టు 5, మధ్యాహ్నం 1.10

డాక్టర్ గారూ, మీరు చెప్పింది నిజమే. మా ఆవిడకు మెడ వాచింది కానీ నొప్పి అసలు లేదు, కళ్లు కూడా కొంచెం ముందుకు వచ్చాయి. నంబర్లు ఒకటే కదా అని జబ్బూ ఒకటే అనుకున్నాను. సుధక్కా, నా మాట పట్టుకుని ఆగకండి.

పలమనేరు కిరణ్ | ఆగస్టు 5, మధ్యాహ్నం 2.45

మా అమ్మకు పదేళ్లుగా గొంతు దగ్గర గడ్డ ఉంది, నొప్పి లేదు. థైరాక్సిన్ 50 వాడుతోంది. ఆమెకు కూడా ఈఎస్ఆర్ చేయించాలా? అయోడిన్ ఉప్పు మానేస్తే తగ్గుతుందా?

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | ఆగస్టు 5, మధ్యాహ్నం 3.20

కిరణ్, మీ అమ్మగారిది వేరే విషయం. విడిగా రాయండి, అక్కడ మాట్లాడుకుందాం. ఉప్పు మాత్రం మార్చకండి.

ల్యాబ్ బాబు, తిరుపతి | ఆగస్టు 5, రాత్రి 8.05

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్ గారు ఈఎస్ఆర్ ఎందుకు అడిగారో మా వైపు నుంచి చెప్తాను. గ్రేవ్స్ వాళ్ల శాంపిల్‌లో ఈఎస్ఆర్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. నొప్పి థైరాయిడ్‌లో 50 దాటడం మామూలు, 100 దాటినవి కూడా నా చేతి మీదుగా వెళ్లాయి. చవకైన పరీక్ష, గంటలో రిపోర్టు వస్తుంది. అదే ఈఎస్ఆర్ మామూలుగా ఉంటే ఈ జబ్బు కాదేమోనని డాక్టర్లు మళ్లీ ఆలోచిస్తారు.

ఇంకో విషయం. జుట్టుకు, గోళ్లకు బయోటిన్ మాత్రలు వాడుతుంటే శాంపిల్ ఇచ్చే ముందు చెప్పండి. కొన్ని మిషన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది, టీ4 తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ముందు రెండు మూడు రోజులు ఆపి రమ్మంటాం.

గ్రీమ్స్‌పేట సుధ | ఆగస్టు 5, రాత్రి 9.50

బయోటిన్ వాడటం లేదు. సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. ఈఎస్ఆర్ 92, సీఆర్‌పీ 48, తెల్ల కణాలు 8,400. మాత్ర రాసిన డాక్టరు గారితో మాట్లాడాను. ఈఎస్ఆర్ విని, కార్బిమజోల్ ఆపేయమని ఆయనే చెప్పారు. శుక్రవారం తిరుపతిలో ఎండోక్రైనాలజిస్టు అపాయింట్‌మెంట్ దొరికింది. ఈ రెండు రాత్రులు ఎలా గడపాలో చెప్పండి, పారాసిటమాల్ ఏమీ ఆనడం లేదు.

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | ఆగస్టు 5, రాత్రి 10.20

తెల్ల కణాలు బాగున్నాయి, సంతోషం. మరి కొన్ని అడుగుతాను. మెడ మీద చర్మం ఎర్రబడి కాలుతోందా? 102 దాటి చలి జ్వరం వస్తోందా? గ్రంథిలో చీము పట్టినా ఇలాగే నొప్పి ఉంటుంది. అది అరుదు, పిల్లల్లోనే ఎక్కువ, కానీ దానికి స్టెరాయిడ్ ఇస్తే ప్రమాదం. మీ కణాల లెక్క చూస్తే అలా అనిపించడం లేదు. అయినా స్కాన్‌లో చూసి తేల్చాలి.

ఈ నొప్పికి మొదటి మందు ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, బీపీ మందులు ఉంటే వద్దు. అవేవీ లేకపోయినా మీ డాక్టరును అడిగే వేసుకోండి. ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి, అది ప్రోటీన్‌కు అంటుకుని ఉన్న హార్మోన్‌ను విడదీస్తుంది. దడకు ప్రొప్రనొలాల్ ఇస్తారు. మీకు ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

గ్రీమ్స్‌పేట సుధ | ఆగస్టు 5, రాత్రి 10.35

ఎరుపు లేదు, జ్వరం సాయంత్రానికి 99.8 దాటడం లేదు. ఆయాసం లేదు. కడుపు మంట మాత్రం పాత చుట్టం. షుగర్ బార్డర్‌లో ఉందని పోయిన ఏడాది అన్నారు.

మదనపల్లె రేవతి | ఆగస్టు 6, ఉదయం 5.55

సుధ గారూ, మీ పోస్టు చదువుతుంటే నా 2021 కళ్ల ముందుకు వచ్చింది. కోవిడ్ తగ్గిన నెలకు నాకు ఎడమవైపు మొదలైంది. పది రోజులకు ఎడమ తగ్గి కుడికి వెళ్లింది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నడుస్తుందని నాకెవరూ చెప్పలేదు, కొత్త జబ్బు అనుకుని ఏడ్చాను. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన మరుసటి రాత్రే నిద్రపోయాను. నాకు న్యూక్లియర్ స్కాన్ కూడా చేశారు. మెడలో థైరాయిడ్ ఉండాల్సిన చోట దాదాపు ఏమీ కనిపించలేదు. గ్రంథి పని ఆపేసి కూర్చుందని డాక్టరు చూపించారు. అందరికీ ఆ స్కాన్ చేయాలని నా అభిప్రాయం, అప్పుడు అనుమానమే ఉండదు.

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | ఆగస్టు 6, ఉదయం 8.40

రేవతి గారూ, ఇక్కడ మీతో ఏకీభవించను. గ్రంథి తాకితే నొప్పి, ఈఎస్ఆర్ 92, టీఎస్‌హెచ్ తక్కువ, ముందు వైరల్ జ్వరం, ఇవన్నీ ఒకచోట ఉంటే అల్ట్రాసౌండ్ చాలు. అందులో గ్రంథిలో నల్లని మసక మచ్చలు, వాటిలో రక్తప్రసారం తక్కువ కనిపిస్తే చాలావరకు తేలిపోతుంది. నొప్పి లేనప్పుడు, గ్రేవ్సా ఇదా అని తేల్చుకోలేనప్పుడు మీరు చెప్పిన స్కాన్ ఉపయోగం. గర్భిణులకు అది చేయరు. అయితే ఎండోక్రైనాలజిస్టు అడిగితే ఆయన మాటే.

గ్రీమ్స్‌పేట సుధ | ఆగస్టు 10, సాయంత్రం 6.30

శుక్రవారం వెళ్లొచ్చాను. మేడం వేలితో అలా ఆనించారంతే, నొప్పి చెవిలోకి దూసుకుపోయి అరిచేశాను. అల్ట్రాసౌండ్‌లో డాక్టర్ గారు చెప్పినట్టే మచ్చలు, చీము లేదు, గడ్డ లేదు. క్యాన్సర్ కాదని ఆమె నోటితో విన్నాక కాళ్లలో బలం వచ్చింది. న్యూక్లియర్ స్కాన్ అడగలేదు.

కడుపు మంట ఉందని ఐబుప్రోఫెన్ బదులు ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా. ఇచ్చారు, ఉదయం టిఫిన్ తర్వాత. కడుపుకు ఒక మాత్ర, దడకు ప్రొప్రనొలాల్ 20 రోజుకు రెండుసార్లు. శుక్రవారం మధ్యాహ్నం మొదటి మోతాదు, శనివారం రాత్రికి నొప్పి పదిలో తొమ్మిది నుంచి రెండుకు దిగింది. పదిహేను రోజుల తర్వాత కుడివైపు తిరిగి పడుకున్నాను. రెండు రోజుల్లో తగ్గకపోతే ఫోన్ చేయండి, అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి అన్నారు మేడం. షుగర్ చూసుకోమన్నారు, భోజనం తర్వాత 212 వచ్చింది. రాత్రి అన్నం మానేసి రాగి సంగటి కొద్దిగా తింటున్నాను.

ల్యాబ్ బాబు, తిరుపతి | ఆగస్టు 10, రాత్రి 7.15

అక్కా, సంగటి కూడా షుగర్ పెంచుతుంది, రాగి కదా అని ఎక్కువ పెట్టుకోకండి. ఉదయం స్టెరాయిడ్ వేసుకున్న వాళ్లకు పరగడుపు షుగర్ మామూలుగా ఉండి మధ్యాహ్నం తర్వాతే ఎక్కుతుంది. పరగడుపు ఒక్కటే చూసి బాగుందనుకోకండి.

గ్రీమ్స్‌పేట సుధ | ఆగస్టు 27, ఉదయం 10.20

తప్పు చేశాను. నొప్పి పూర్తిగా పోయింది, షుగర్ భయం ఒకవైపు. మేడం 20 రెండు వారాలు, తర్వాత రెండేసి వారాలకు 5 చొప్పున తగ్గించమని రాస్తే, నేను పదో రోజు నుంచే 10 చేసి, తర్వాత 5 చేసి, 21న ఆపేశాను. ఐదు రోజులు బాగానే ఉన్నాను. నిన్న ఉదయం ఎడమవైపు మొదలైంది, ఎడమ చెవి, ఎడమ దవడ. ఈఎస్ఆర్ 61.

మదనపల్లె రేవతి | ఆగస్టు 27, ఉదయం 11.05

అయ్యో. నాకూ అచ్చం ఇలాగే తిరగబెట్టింది. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, నొప్పి లేకపోతే మాత్ర ఎందుకు అనిపిస్తుంది ఎవరికైనా.

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | ఆగస్టు 27, మధ్యాహ్నం 12.30

స్టెరాయిడ్ ఈ జబ్బును నయం చేయదమ్మా. వాపు తన కాలం తాను తీసుకుంటుంది, ఆ కొన్ని వారాలు మందు దాన్ని అణిచి ఉంచుతుంది. ముందే తీసేస్తే లోపల మిగిలిన వాపు మళ్లీ లేస్తుంది, తరచుగా రెండో వైపున. మీ మేడంకు జరిగింది జరిగినట్టు చెప్పండి, దాచవద్దు. మళ్లీ మొదలుపెడితే ఈసారి తగ్గింపు ఇంకా నిదానంగా ఉంటుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి. మూడు వారాలు దాటి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరం సొంతంగా తయారు చేసుకోవాల్సింది అందక కళ్లు తిరిగి పడిపోయే పరిస్థితి వస్తుంది.

గ్రీమ్స్‌పేట సుధ | అక్టోబరు 14, రాత్రి 8.45

మళ్లీ 15తో మొదలుపెట్టి రెండు వారాలకు 5 చొప్పున దించారు, చివర రెండున్నర మి.గ్రా. వారం రోజులు. నిన్నటితో అయిపోయింది. నొప్పి లేదు, ఈఎస్ఆర్ 18, షుగర్ దిగింది, ప్రొప్రనొలాల్ సెప్టెంబరులోనే ఆపేశారు. కానీ ఇప్పుడు టీఎస్‌హెచ్ 14.6, ఫ్రీ టీ4 0.7. నీరసం, మలబద్ధకం, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడుతున్నాయి. ఎక్కువ నుంచి తక్కువకు ఎలా వచ్చింది?

కొర్లగుంట మురళి | అక్టోబరు 14, రాత్రి 9.30

ఆగస్టులో వేసుకున్న కార్బిమజోల్ వల్ల పడిపోయి ఉంటుందా అక్కా?

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | అక్టోబరు 15, ఉదయం 7.50

నాలుగైదు రోజుల కార్బిమజోల్ రెండు నెలల తర్వాత ఈ పని చేయదు మురళి గారూ. నిల్వ అంతా కారిపోయింది. చిట్లిన గ్రంథి కోలుకుని మళ్లీ తయారు చేయడానికి సమయం పడుతుంది. ఆ మధ్య కాలంలో హార్మోన్ తక్కువ ఉంటుంది. కొన్ని వారాల నుంచి ఆరు నెలల వరకు పట్టవచ్చు. చాలామంది బయటపడతారు, వందలో ఐదు నుంచి పదిహేను మందికి అలాగే ఉండిపోయి జీవితాంతం థైరాక్సిన్ కావాల్సి వస్తుంది. ఇంత నీరసం ఉంటే కొంతకాలం థైరాక్సిన్ ఇవ్వవచ్చు. జీవితాంతం అని అప్పుడే అనుకోవద్దు, వాళ్లు కూడా అలా రాయరు.

మదనపల్లె రేవతి | అక్టోబరు 15, ఉదయం 9.10

నాది ఉండిపోయింది డాక్టర్ గారూ. ఇప్పటికీ 50 వేసుకుంటున్నాను. మధ్యలో ఒకసారి ఆపి చూశారు, టీఎస్‌హెచ్ మళ్లీ పెరిగింది. సుధ గారిని భయపెట్టాలని కాదు, అలా జరిగితే అది ఆమె తప్పు కాదని చెప్పడానికి. నాకు ఎవరూ చెప్పలేదు, మందు మధ్యలో ఆపినందుకే ఇలా అయిందని చాలా రోజులు అనుకున్నాను.

తిరుచానూరు రిటైర్డ్ డాక్టర్ | అక్టోబరు 15, ఉదయం 10.00

మంచి మాట చెప్పారు.

గ్రీమ్స్‌పేట సుధ | నవంబరు 26, సాయంత్రం 5.40

మేడం థైరాక్సిన్ 25 ఇచ్చారు. ఆరు వారాలకు నిన్న చూస్తే టీఎస్‌హెచ్ 6.8. అది మాత్ర వల్ల తగ్గిందా, గ్రంథి లేచిందా అని అడిగాను. ఇప్పుడే చెప్పలేం, సంక్రాంతి అయ్యాక మాత్ర ఆపి ఆరు వారాలు చూద్దాం అన్నారు. నల్లపూసలు మళ్లీ వేసుకుంటున్నాను. ఎడమవైపు వేలు పెడితే గట్టిగా చిన్న కాయలా తగులుతోంది, నొప్పి లేదు. మేడం కూడా చూశారు, జనవరిలో అల్ట్రాసౌండ్ మళ్లీ చేయిస్తామన్నారు. ఇలా గట్టిగా మిగిలిపోవడం ఇంకెవరికైనా ఉందా?

మదనపల్లె రేవతి | నవంబరు 26, రాత్రి 7.25

నాకు నాలుగు నెలలు ఉండి పోయింది. రోజూ తడిమి చూసుకోకండి, నేను అలా చూసుకునే పుండు చేసుకున్నాను. జనవరి స్కాన్ మాత్రం మానకండి, రిపోర్టు ఇక్కడ రాయండి.